ఓపీ చీటీ చూసి అడిగే మొదటి ప్రశ్న

(నల్లగొండలో హౌస్ సర్జన్లకు, పల్లె దవాఖానాల్లో పనిచేసే వైద్యులకు ఒక జనరల్ మెడిసిన్ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది రేపు పొద్దున ఓపీలో కూర్చుంటారు. బయట వరుస మెట్ల దాకా ఉంటుంది. రోగి కుర్చీ దగ్గరికి వచ్చేలోపే ఆమె చీటీ మీ చేతికి వస్తుంది. దాని మీద పేరు, వయసు, ఊరు, కింద ఒక మాట ఉంటాయి. మోకాళ్ళ నొప్పులు అనో, జ్వరం అనో, షుగర్ అనో. ఆ మాట రాసింది డాక్టరు కాదు. వెనక నుంచి జనం తోస్తుంటే, కౌంటర్ అవతలి మనిషి "ఏం బాధ?" అని గట్టిగా అడిగితే, ఆమె నోటికి ముందు దొరికిన మాట అది. ఏ గదికి పంపాలో తెలియడానికి అది సరిపోతుంది. మన పనికి సరిపోదు. కానీ మనం ఏం చేస్తాం? చీటీలోంచి తల ఎత్తకుండానే "మోకాళ్ళ నొప్పులా?" అంటాం. ఆమె "అవ్ సారు" అంటుంది. ఎన్నాళ్ళ నుంచి, వాపు ఉందా, మెట్లు ఎక్కితే ఎక్కువ అవుతుందా అని వరుసగా అడుగుతాం. అన్నిటికీ జవాబు వస్తుంది. గోళీలు రాస్తాం. ఆమె దండం పెట్టి వెళ్లిపోతుంది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ విసుక్కోలేదు. అయినా తప్పు జరగడానికి ఇంతకంటే మంచి దారి లేదు. ఎందుకో ఒక మనిషి విషయంతో చెప్తాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసేసి చెప్తున్నాను.

మర్రిగూడ వైపు నుంచి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. చీటీ మీద మోకాళ్ళ నొప్పులే. ఆ వైపు నుంచి ఆ వయసు మనిషి కాళ్ళ నొప్పులు, నడుము నొప్పి అని వస్తే మనకు వెంటనే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తప్పు కాదు. ఇప్పుడు ఇంటింటికీ నది నీళ్ళు వస్తున్నాయి గానీ, పాత బోర్ల నీళ్ళు ముప్పై నలభై ఏళ్ళు తాగినవాళ్ళ ఎముకల్లో, కీళ్ళలో జరిగిన నష్టం వెనక్కి పోదు. అందుకే ఆ ఊళ్ళ నొప్పులంటే మనకు ముందే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. చీటీ ఒకవైపు, మనకు తెలిసిన ఊరి చరిత్ర ఇంకోవైపు. రెండూ కలిసి మన నోట్లో ప్రశ్న పెట్టేస్తాయి.

ఆ రోజు మా మధ్య నడిచిన మాటలు ఇవి.

"రా పెద్దమ్మా, కూసో. ఏం బాధుందని వచ్చినవ్, చెప్పు."

"మోకాళ్ళు నొస్తున్నయి సారు. ఇయ్యాలటియి కావు, ఏండ్ల సంది ఉన్నయి. కూసుంటే లేవనియ్యయి, లేస్తే కూసోనియ్యయి."

నేను పెన్ను కింద పెట్టి "ఊఁ" అన్నాను, అంతే. ఆమె కొంగు సర్దుకుంది. పక్కన నిలబడ్డ కొడుకు వైపు చూసింది. రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తనే అందుకుంది.

"నొప్పులకు గోళీలు మింగుతనే ఉన్న. గీ పది పదిహేను దినాల సంది లేచి నిలవడితే కండ్లు తిరుగుతున్నయి. చెల్కకు పోయేటప్పుడు నడుమ రెండుసార్లు కూలవడుతున్న. దమ్మొస్తుంది."

చూడండి, మోకాళ్ళ నొప్పి ఏళ్ళ నుంచి ఉంది. ఏళ్ళ నాటి నొప్పికి మనిషి ఒక పూట కూలి వదులుకుని, బస్సు ఎక్కి, ఇవాళే ఎందుకు వచ్చింది? ఆమెను ఇంట్లోంచి బయలుదేరదీసింది మోకాలు కాదు, కండ్లు తిరగడం. కానీ చెప్పేటప్పుడు ముందు మోకాలే వచ్చింది. ఎందుకంటే మోకాలు నొప్పి రోగం అని ఆమెకు తెలుసు. నీరసం, దమ్ము మాత్రం ముసలితనం అనుకుంది. డాక్టరుకు చెప్పదగ్గ సంగతి ఏది, చెప్పకూడనిది ఏది అని ప్రతి రోగీ మనసులో ఒక లెక్క వేసుకుని వస్తారు. మన మొదటి వాక్యం ఆ లెక్కను తెరవనైనా తెరుస్తుంది, అక్కడే మూసేయనైనా మూసేస్తుంది.

ఏ గోళీలు మింగుతున్నావంటే సంచిలోంచి ఒక పట్టీ తీసింది. అసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన గోళీ. ఊళ్ళో మెడికల్ షాపులో కొనుక్కుని నెలల తరబడి రోజుకు రెండు, ఒక్కోసారి పరగడుపునే వేసుకుంటోంది. అప్పుడు అడిగాను, దొడ్డికి ఎట్లా పోతున్నది, రంగు ఏమన్నా మారిందా అని. ఆమె జవాబు చెప్పలేదు. బల్ల పక్కన తర్వాతి రోగులు ఇద్దరు నిలబడి వింటున్నారు. వాళ్ళను బయట కూర్చోమన్నాను, కొడుకును కూడా. అప్పుడు చెప్పింది, "నల్లగ పోతుంది సారు, తారు లెక్క. వారమైతుంది" అని.

ఐరన్ గోళీలు వేసుకున్నా మలం నల్లబడుతుంది, కాబట్టి అవి వేసుకుంటోందా అని అడగాలి. వేసుకోవడం లేదు. ఐరన్ వల్ల వచ్చే నలుపు మామూలుగా గట్టిగానే ఉంటుంది. ఇది జిగటగా, నీళ్ళు పోసినా అంటుకుపోయేలా, ఘాటైన వాసనతో ఉందని చెప్పింది. కింది కనురెప్ప తిప్పి చూస్తే ఎరుపే లేదు. నాడి నిమిషానికి 112, బీపీ 100/60. హిమోగ్లోబిన్ 6.2 వచ్చింది. చేర్చుకున్నాం, నొప్పి గోళీలు ఆపాం, పాంటొప్రజోల్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం, రెండు యూనిట్ల రక్తం ఎక్కించాం. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనబడింది. నొప్పి గోళీలు జీర్ణాశయం లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. అక్కడ పుండు పడి, సన్నగా రక్తం కారుతూ, కడుపులోనే నల్లగా మారి బయటికి వచ్చింది. ఈ గోళీలు వాడేవాళ్ళకు చాలాసార్లు కడుపునొప్పి కూడా ఉండదు, ఎందుకంటే ఆ గోళీయే నొప్పిని కప్పేస్తుంది. ఆమెకు కూడా లేదు.

ఇప్పుడు ఇదే మనిషిని "మోకాళ్ళ నొప్పులా?" అని అడిగి ఉంటే ఏమయ్యేది? "అవ్ సారు" అనేది. నిజమే చెప్పేది. మోకాళ్ళు నొక్కి చూసి, కిరకిరమనే చప్పుడు విని, అదే జాతి గోళీ పది రోజులకు రాసి ఉండేవాళ్ళం. ఏ గోళీ ఆమె రక్తాన్ని తోడేస్తోందో, దాన్నే దవాఖానాలో ఉచితంగా ఇచ్చి పంపేవాళ్ళం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తెరిచి అడిగిన ప్రశ్నతో అన్నీ బయటికి రాలేదు. మలం నల్లబడిందని ఆమె తనంతట తాను చెప్పలేదు, నేను అడిగితే, అది కూడా గది ఖాళీ చేస్తే చెప్పింది. రోగి చెప్తుంటే వింటూ కూర్చుంటే రోగం తెలుస్తుందని నేను అనడం లేదు. సూటి ప్రశ్నలు అడగాల్సిందే. అయితే ఏ సూటి ప్రశ్న అడగాలో మనకు తట్టాలంటే, కండ్లు తిరుగుతున్నాయి, గోళీలు మింగుతున్నా అనే రెండు ముక్కలు ముందు మన చెవిన పడాలి. మోకాలి దారిలో పోయిన డాక్టరుకు మలం రంగు అడగాలని ఎప్పటికీ తట్టదు.

అడిగే తీరుతో జవాబు మారుతుందా అని అమెరికాలో హెరిటేజ్, రాబిన్సన్ అనే పరిశోధకులు వైద్యుల గదుల్లో రికార్డు చేసిన మాటల్ని ఒక్కొక్క వాక్యంగా విడదీసి చూశారు. "ఏం బాధతో వచ్చారు" అనే పద్ధతిలో మొదలుపెడితే రోగులు ఎక్కువసేపు, ఎక్కువ లక్షణాలు చెప్పారు. కాగితం మీద ఉన్నది చదివి "ఇదేనా" అని రూఢి చేసుకునే ప్రశ్నకు తక్కువ చెప్పారు. 2006లో వచ్చింది ఆ పరిశోధన. రోగి తెలివితక్కువ వల్ల జరిగింది కాదిది. "ఇదేనా?" అన్నప్పుడు సంగతి నాకు తెలుసు, నువ్వు అవునను చాలు అని మనమే చెప్తున్నాం. పల్లె నుంచి వచ్చిన మనిషి పెద్ద సారు మాటను దాటి ఇంకోటి ఎత్తుకోదు. అది మన దగ్గర మర్యాద.

మీరు అడగబోయే మాట నాకు తెలుసు. సార్, నూట యాభై మంది ఓపీ ఉంటే ఇంత వినే టైం ఎక్కడిది? న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కొలిచి చూసినవాళ్ళ దగ్గర ఉంది. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ 74 సందర్శనలు రికార్డు చేశారు. రోగి చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగిలాడు. ముందు చెప్పిన బాధే ముఖ్యమైన బాధ అయి ఉండాలని లేదని కూడా వాళ్ళు గుర్తించారు. 1999లో మార్వెల్ బృందం ఇంకోసారి చూస్తే ఆ 18 కాస్తా 23 అయింది. అందులో నాకు బాగా పనికొచ్చిన అంకె వేరే ఉంది. అడ్డు తగలకుండా పూర్తిగా చెప్పనిచ్చిన రోగులు, డాక్టరు మధ్యలో ఆపిన రోగులకంటే సగటున ఆరు సెకన్లే ఎక్కువ తీసుకున్నారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2002లో రోగులు తమంతట తాము ఆపేదాకా డాక్టర్లను మాట్లాడకుండా కూర్చోబెట్టి గడియారం పెట్టారు. సగటున 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ఆపేశారు. మర్రిగూడ నుంచి వచ్చిన పెద్దమ్మ చెప్పింది నిమిషం కూడా కాదు.

ఇంకో లెక్క కూడా వేయండి. చీటీ చూసి రాసి పంపితే ఆమె వారం తర్వాత మళ్ళీ వస్తుంది, లేదా రాత్రి పూట రక్తపు వాంతితో క్యాజువాలిటీకి వస్తుంది. అప్పుడు పట్టే టైం మీకు తెలుసు.

అయితే ఆ ఒక నిమిషంలో మనం ఊరుకోవడం నేర్చుకోవాలి, చెప్పినంత తేలిక కాదు. రోగి "మోకాళ్ళు" అనగానే మన చెయ్యి రాయడం మొదలుపెడుతుంది, నోరు "ఏ మోకాలు?" అంటుంది. ఆ ప్రశ్న మంచిదే, రెండు నిమిషాల తర్వాత అడగవలసినది. అప్పుడే అడిగితే రోగి మోకాలిలో ఇరుక్కుపోతారు. నేను మా పిల్లలకు చెప్పేది, రోగి మొదటిసారి ఆగినప్పుడు అది చివర అనుకోవద్దు. ఊపిరి తీసుకుంటున్నారు, లేదా చెప్పాలా వద్దా అని మీ మొహం చూస్తున్నారు. అప్పుడు మీ కళ్ళు చీటీ మీద ఉంటే వాళ్ళకు జవాబు దొరికిపోయినట్టే. రెండోసారి ఆగాక "ఇంకా ఏమేం తిప్పలున్నయి?" అనండి. "ఇంకేం లేదు గదా?" అనకండి. ఆ రెండో వాక్యం లేదనే జవాబునే కోరుతుంది, అదే వస్తుంది. హెరిటేజ్ బృందం 2007లో ఇంగ్లీషులో ఇలాంటి తేడానే పరీక్షించింది. ప్రశ్నలో ఒకే ఒక్క మాటను, "ఉంది" అనే జవాబును ఆశించేలా మార్చితే, చెప్పకుండా మిగిలిపోయిన బాధలు బాగా తగ్గాయి. మాట్లాడిన సమయం పెద్దగా పెరగలేదు.

ఇప్పటిదాకా కొత్త బాధతో వచ్చినవాళ్ళ సంగతి. నెలనెలా బీపీకి, షుగర్‌కు వచ్చేవాళ్ళను "ఏం బాధతో వచ్చినవ్?" అంటే వాళ్ళు తెల్లబోతారు. పోయిన నెల మందు ఇచ్చిన సారు నన్ను గుర్తే పట్టలేదు అనుకుంటారు. వాళ్ళకు "పోయినసారి సంది ఎట్లున్నవ్ అన్నా?" అన్నది సరైన మొదలు. కానీ మన ఓపీల్లో వాళ్ళకు ఎదురయ్యే వాక్యం ఇంకోటి. రిపోర్టు చూడగానే, "షుగర్ మూడొందలుంది, గోళీలు సరిగ్గా వేసుకుంటున్నవా లేదా?"

దీని మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే దీనితో ప్రాణం మీదికి వస్తుంది. ఆ వాక్యం వినగానే పాలమూరు నుంచి పూణె పనికి పోయి నెల తర్వాత వచ్చినవాడు ఏమంటాడు? "వేసుకుంటున్న సారు" అంటాడు. అక్కడ పదిహేను రోజులు గోళీల్లేవు, ఆ మాట చెప్తే తిట్లు పడతాయి. మీరు నమ్ముతారు. గ్లిమెపిరైడ్ ఒక మిల్లీగ్రాము చాలడం లేదని రెండు చేస్తారు, మెట్‌ఫార్మిన్ పెంచుతారు. ఈసారి మీ తిట్లకు భయపడి అతను నిజంగానే అన్నీ వేసుకుంటాడు, పని తొందరలో తినకుండా వేసుకుంటాడు. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు, స్పృహ తప్పడం. గ్లిమెపిరైడ్ ప్రభావం చాలా గంటలుంటుంది కాబట్టి గ్లూకోజ్ ఎక్కించి లేపినా మళ్ళీ పడిపోవచ్చు, అందుకే చేర్చుకుని చూడాలి. ఇక్కడ మోతాదును పెంచింది రోగం కాదు, ఒక అబద్ధం. ఆ అబద్ధాన్ని పుట్టించింది మన మొదటి వాక్యం.

ఎట్లున్నవ్ అని మొదలుపెట్టి, తర్వాత "పనికి పోయినకాడ గోళీలు దొరకడం కష్టమే. నెలల ఎన్ని దినాలు తప్పినయి?" అని అడిగి చూడండి. తప్పడం మామూలే అని ముందే ఒప్పుకుని అడిగే ప్రశ్న ఇది. "ఒక పదిహేను దినాలు తప్పినయి సారు" అని వస్తుంది. అప్పుడు మోతాదు ముట్టుకోనక్కరలేదు, రెండు నెలల గోళీలు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు చూడాలి.

ఆర్‌ఎంపీ విషయంలోనూ ఇదే. "ఆర్‌ఎంపీ దగ్గరికి ఎందుకు పోయినవ్?" అని మొదలుపెడితే, పోలేదు అంటారు. మనకు కావలసింది అక్కడ ఏ సూది వేశారన్నది. మొహం ఉబ్బి, షుగర్ పెరిగి వచ్చిన కీళ్ళ నొప్పుల రోగికి నెలల తరబడి డెక్సామెథసోన్ పడి ఉండవచ్చు. అది తెలియకుండా అన్నీ ఒక్కసారి ఆపించామా, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టిరాయిడ్ అప్పటికే అణిగిపోయి ఉంటుంది కాబట్టి వాంతులు, నీరసం, బీపీ పడిపోవడంతో మనిషి కూలిపోతాడు. ఊళ్ళో రాత్రి పదింటికి తలుపు తీసేది ఆర్‌ఎంపీ ఒక్కడే, ఆ మనిషి అక్కడికి పోవడం మనకు కోపం తెప్పించాల్సిన పని కాదు. "ఇక్కడికి రాకముందు ఎవరికి చూపించినవ్, ఏమిచ్చిండ్రు? సీసా గాని పట్టీ గాని ఉంటే పట్టుకరా" అంటే చాలు.

పిలుపు గురించి ఒక్క మాట. నువ్వా మీరా అని కొత్తగా వచ్చిన పిల్లలు తడబడుతుంటారు. అవ్వా, తాతా, పెద్దమ్మా, అన్నా అన్న పిలుపు ముందు ఉంటే మన దగ్గర నువ్వు అనడం తప్పు కాదు, ప్రేమగానే వినిపిస్తుంది. పిలుపు లేకుండా "ఏమైంది, చెప్పు" అన్నప్పుడే అది గద్దించినట్టు ఉంటుంది. ఉద్యోగస్తుడికి మీరు అనీ, పక్కనే ఉన్న కూలికి ఉత్త నువ్వు అనీ అంటే ఆ గదిలో అందరికీ అర్థమవుతుంది.

మొదటి వాక్యం ఎవరిని చూసి అంటున్నారో కూడా చూసుకోండి. కోడలిని అత్త తెస్తుంది, భార్యను భర్త తెస్తాడు. మన చూపు తెచ్చినవాళ్ళ మీద పడితే జవాబు వాళ్ళే చెప్తారు, ఇక చివరిదాకా వాళ్ళే చెప్తారు. రోగి కళ్ళలోకి చూసి, ఆమెను పిలిచి అడగండి. తెచ్చినవాళ్ళు అందుకుంటే, "మీరు చెప్పేది కూడా వింటా, ముందు ఆమెను చెప్పనీయండి" అనండి. తర్వాత నిజంగానే వినండి, ఫిట్స్ వచ్చిన మనిషికి ఏమైందో చూసినవాళ్ళకే తెలుసు.

ఇవన్నీ కుర్చీలో కూర్చోగలిగిన రోగికి. క్యాజువాలిటీలో చెమటలు పట్టి ఛాతీ పట్టుకున్న మనిషిని ఏం బాధతో వచ్చినవ్ అని అడిగి తీరిగ్గా వినకూడదు. నొప్పి ఎక్కడ, ఎన్ని గంటలకు మొదలైంది అని రెండు ముక్కలు అడుగుతూనే ఈసీజీ లీడ్లు పెట్టాలి. పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళ దగ్గర మన నోటికి ముందు వచ్చే వాక్యం "ఎందుకు తాగినవ్?" అని. దానితో అప్పుడు పని లేదు. ఏ మందు, ఎప్పుడు, ఎంత, డబ్బా తెచ్చిండ్రా అన్నవే ముందు కావాలి. పత్తి చేన్లో కొట్టే ఆర్గానోఫాస్ఫరస్ మందు అయితే అట్రోపిన్ కావాలి. గడ్డిమందు పారాక్వాట్ అయితే మనం అలవాటుగా పెట్టే ఆక్సిజన్ కూడా ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది, ప్రాణవాయువు బాగా తగ్గితేనే ఇవ్వాలి. డబ్బా ఇంట్లో ఉంటే ఫొటో తీసి ఫోన్లో పంపమనండి. ఎందుకు అన్న ప్రశ్న కూడా తప్పకుండా అడగాలి, కానీ మనిషి తేరుకున్నాక, చుట్టూ చుట్టాలు లేనప్పుడు, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని అడగండి.